మరుగుదొడ్డి ట్యాంకు ఎంత పెద్దది కావాలి?
(సభ్య సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల కేంద్రాల ఆవరణలో సెప్టిక్ ట్యాంకు కట్టే ముందు మీలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని అడుగుల గుంత తీయమంటారు?" తాపీమేస్త్రిని అడిగితే ఆయన వెంటనే ఒక కొలత చెబుతాడు. ఐదుగురున్న ఇంటికైనా, ఇరవైమంది మసిలే కేంద్రానికైనా ఆ కొలత మారదు. మేము మాత్రం మిమ్మల్ని ఎదురు రెండు ప్రశ్నలు అడుగుతాము. దాన్ని వాడేవారెందరు? ఎన్నేళ్ల కొకసారి బురద తీయిస్తారు? ఈ రెండూ తేలకుండా గడ్డపార పట్టవద్దు.

రెండో ప్రశ్న ఎందుకో ముందు చెబుతాము. ట్యాంకులో పడినదంతా నీరై పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొంత భాగం కుళ్లి, వాయువుగా మారి గొట్టం గుండా పైకి పోతుంది. మిగిలినది అడుగున బురదగా పేరుకుంటుంది, కొంత పైన తెట్టెగా తేలుతుంది. ఈ రెండింటికీ కలిపి మనిషికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల చోటు కావాలని ఇంజనీర్లు లెక్క కట్టారు. అంటే ఏడాదికి మనిషి ఒక్కింటికి 73 లీటర్లు. ఏళ్లు గడిచేకొద్దీ అడుగు బురద అణిగి కొంత తగ్గుతుంది గాని, మేము ఆ తగ్గింపును లెక్కలోకి తీసుకోము. ఇది గాక, కుళ్లే పని సక్రమంగా జరగడానికి మనిషికి 32 లీటర్లు ఎప్పుడూ ఉంచాలి. ఈ 32 లీటర్లు ఏళ్లతో పెరగవు. పెరిగేది ఆ 73 మాత్రమే.

ఈ బురద మీద ఒక అడుగు మందం, అంటే 30 సెంటీమీటర్లు, ఖాళీ నీరుండాలి. కొత్తగా వచ్చిన మలినం నిదానంగా కిందికి దిగేది ఆ పొరలోనే. బురద ఆ పొరలోకి ఎక్కిందంటే మలినం దిగదు, నేరుగా బయటికి పోతుంది. నీటి మట్టం మీద, స్లాబు కింద, ఇంకొక 30 సెంటీమీటర్లు గాలికి వదలాలి.

ఇప్పుడొక కేంద్రాన్ని తీసుకుని లెక్క వేద్దాము. పాలు చల్లబరిచే కేంద్రం; ఆవరణలో మూడు కుటుంబాలు కాపురముంటున్నాయి, పిల్లలతో కలిపి 14 మంది. పగటి పూట వచ్చిపోయే పనివారు 12 మంది. వచ్చిపోయేవారిని మేము ఇద్దరిని ఒకరుగా కడతాము. కనుక మొత్తం 20 మంది. ఉదయం, సాయంత్రం పాలు పోసి వెంటనే వెళ్లిపోయే సభ్యులను కలపలేదు. మీ దగ్గర వారు కూడా వాడుతుంటే ఆ మేరకు కలుపుకోవాలి.

బురద తీయించేది మూడేళ్లకొకసారి అనుకుందాము. 20 మందికి ఏడాదికి 73 చొప్పున 1,460 లీటర్లు. మూడేళ్లకు 4,380 లీటర్లు. కుళ్లే చోటు 20 ముప్పైరెండ్లు 640 లీటర్లు. రెండూ కలిస్తే 5,020 లీటర్లు, అంటే ఐదు ఘనపు మీటర్లకు కాస్త పైన.

లోతు దగ్గర మన జిల్లాల సంగతి వేరు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు మట్టి కింద నాపరాయి తగులుతుంది. ఇక్కడ ఐదడుగులకే రాయి తగిలిందనుకోండి. తూటా పెట్టి పగలగొట్టించవద్దు. ఖర్చు అటుంచి, రాతికి కొత్త నెరియలు వస్తాయి. లోతు తగ్గించి వైశాల్యం పెంచండి. నీటి లోతు 1.2 మీటర్లకు పరిమితం చేస్తే, పై 30 సెంటీమీటర్ల ఖాళీ పొర పోను బురదకు మిగిలేది 90 సెంటీమీటర్లు. 5.02ను 0.9తో భాగిస్తే 5.58 చదరపు మీటర్ల అడుగు వైశాల్యం కావాలి. వెడల్పు 1.4 మీటర్లు, పొడవు 4 మీటర్లు పెడితే 5.6 వస్తుంది. నీటి లోతు మాత్రం మీటరుకు తగ్గించవద్దు.

ఇదే కేంద్రానికి రెండేళ్ల గడువు పెడితే సుమారు 4 చదరపు మీటర్లు చాలు. ఏడాది గడువైతే బురదకు 2.3 సరిపోతుంది, అయితే అక్కడ ఇంకొక హద్దు అడ్డు వస్తుంది. మూడు దొడ్లలో ఒకేసారి నీళ్లు పోస్తే నిమిషానికి సుమారు 27 లీటర్లు వచ్చి పడతాయి. ఆ ఉరవడి తగ్గి మలినం కిందికి దిగాలంటే కనీసం రెండున్నర చదరపు మీటర్ల నీటి ముఖం ఉండాలి.

ఏ గడువు ఎంచుకోవాలన్నది మీ ఊరికి బురద తోడే ట్యాంకరు ఎంత దూరం నుంచి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పట్నానికి ఆనుకున్న కేంద్రానికి రెండేళ్లు చాలు. ట్యాంకరు నలభై మైళ్లు రావలసిన చోట మూడేళ్లకు కట్టండి. ట్యాంకు చిన్నదై, ట్యాంకరు దొరకక పొంగిన రోజున ఏమవుతుందో మేము ఒక కేంద్రంలో కళ్లారా చూశాము. పది నెలలకే నిండిపోయింది. సంఘంవారు ఒక కూలిని పిలిపించి, బకెట్టు, తాడు ఇచ్చి దిగమంటున్నారు. మేము వెళ్లిన సమయానికి ఆయన మూత దగ్గర కూర్చుని చొక్కా విప్పుతున్నాడు. మేము ఆపించాము. ఆ గదిలో ఉండే విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు, తీయబోయినవాడూ పడతాడు. 2013 చట్టం ప్రకారం మనిషిని అలా దించడం నేరం కూడాను.

పది నెలలకే ఎందుకు నిండిందని మూత పక్కకు జరిపి చూస్తే, పైన అడుగు మందం తెల్లటి తెట్టె. క్యాన్లు కడిగిన నీళ్లు, తొట్టి కడిగిన నీళ్లు అన్నీ అందులోకే మళ్లించారు. పాలలోని వెన్న తేలి గడ్డకడుతుంది. క్యాన్లకు వాడే కాస్టిక్ సోడా బురదను కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. పైగా ఆ నీళ్ల వేగానికి మలినం దిగకుండానే బయటికి కొట్టుకుపోతుంది. మనం వేసిన లెక్క మరుగుదొడ్డి నీళ్లకే. క్యాన్ల నీళ్లకు వేరే కాలువ, వేరే జిడ్డు తొట్టి ఉండాలి.

ఇక కట్టుబడి. లోపలి పొడవు నాలుగు మీటర్లలో మొదటి గది 2.7, రెండోది 1.3, అంటే రెండు వంతులు, ఒక వంతు. అడుగున 15 సెంటీమీటర్ల మందాన 1:2:4 కాంక్రీటు, గోడల వెలుపలికి 10 సెంటీమీటర్లు పొడిచేలా వేయాలి. మొదటి గది నేల మూత వైపుకు వాలుగా ఉంటే ట్యాంకరు గొట్టానికి బురద అందుతుంది. గోడలు తొమ్మిదంగుళాలు, బాగా కాలిన ఇటుక, 1:4 సిమెంటు. లోపల 1:3 పూత రెండు చేతులుగా, మూలలు గుండ్రంగా. ఇటుక పని నాలుగున్నర ఘనపు మీటర్ల పైచిలుకు వస్తుంది. ఘనపు మీటరుకు 500 చొప్పున 2,300 ఇటుకలు తెప్పించుకోండి. బట్టీ ఇటుక సైజు పెద్దదైతే తగ్గుతాయి.

నడిమి గోడను నాలుగున్నర అంగుళాలకు కుదించి ఇటుక మిగిల్చామని కొందరు సంతోషిస్తారు. ట్యాంకరు వచ్చి మొదటి గది తోడిన రోజున రెండో గదిలో నీళ్లు నిండుగా ఉంటాయి. ఆ నీటి తోపుడంతా ఒక పక్కనే పడి సన్న గోడ బీట వారుతుంది. అదీ తొమ్మిదంగుళాలే కట్టండి. నీటి లోతుకు సగంలో ఆరంగుళాల గొట్టం ముక్కలు రెండు ఆ గోడలో ఉంచండి. పైన వాయువు దాటడానికి స్లాబుకు కొంచెం కిందనే గోడ ఆపండి. లోపలికి వచ్చే గొట్టానికి, బయటికి పోయే గొట్టానికి T ముక్కలు బిగించి నీటిలోకి దించాలి. బయటి గొట్టం లోపలిదాని కంటే 5 సెంటీమీటర్లు కిందగా ఉండాలి.

పైకప్పుకు మన వైపు కడప బండలు పరచడం అలవాటు. బండ మంచిదే, నడవడానికి. కాని 1.4 మీటర్ల ఖాళీ మీద రెండంగుళాల బండ వంగే వస్తువు కాదు, విరిగే వస్తువు. విరిగే ముందు చెప్పదు కూడా. గేదె కాలు పెడితే ఐదారు క్వింటాళ్ల బరువు కొద్ది చోట పడుతుంది. పాల కేంద్రంలో గేదె రాని చోటేది? కనుక ఐదంగుళాల, అంటే 12.5 సెంటీమీటర్ల, ఇనుప కాంక్రీటు స్లాబు వేయండి. పాళ్లు 1:1½:3. పది మిల్లీమీటర్ల చువ్వలు వెడల్పు వైపు, అడుగు భాగాన, 15 సెంటీమీటర్ల ఎడంలో. పొడవు వైపు ఎనిమిది మిల్లీమీటర్లవి 20 సెంటీమీటర్ల ఎడంలో. చువ్వల కింద అంగుళం మందం కాంక్రీటు తప్పనిసరి. అది లేకపోతే కింది వాయువుకు ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలతాయి. మొత్తం కాంక్రీటు ఒక ఘనపు మీటరు, సిమెంటు ఎనిమిది బస్తాలు. మూత రంధ్రాలు రెండు, గదికొకటి, 60కి 45 సెంటీమీటర్లు. రంధ్రం చుట్టూ అదనపు చువ్వలు. ఇంత చేసినా ఈ స్లాబు పాల లారీకి కాదు. చుట్టూ రాళ్లు పాతి బండి దారి తప్పించండి. స్లాబును పది రోజులు తడపండి. మన ఎండలకు అంతకు తక్కువైతే పనికిరాదు.

స్లాబు వేయక మునుపే నీళ్లు నింపి చూడండి. ఒక రోజు ఇటుక నీళ్లు తాగనిచ్చి, మళ్లీ నింపి గోడ మీద గీత పెట్టి, మర్నాడు చూడండి. గీత దిగితే పూత మళ్లీ వేయించాలి. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో గోడల వెలుపల అదే మట్టి పూడ్చవద్దు. వానకు ఉబ్బి గోడను తోస్తుంది. జానెడు మందాన ఇసుక గాని గ్రావెల్ గాని నింపండి.

బయటికి వచ్చే నీరు శుభ్రమైనదని అనుకోవద్దు. నల్లరేగడిలో ఇంకుడు గుంత తాగదు. నాపరాతి నేలలోనేమో తాగడం కాదు, మింగుతుంది. నెరియల వెంట ఆ నీరు వడకట్టకుండానే బోరులోకి చేరుతుంది. మెత్తని మట్టిలో బావికి 18 మీటర్ల ఎడముంటే చాలంటారు. రాతి నెరియల్లో ఆ లెక్క చెల్లదు. ఇలాంటి చోట గులకరాళ్లు నింపిన వడపోత గది ఒకటి ట్యాంకు తరువాత కట్టి, ఆ నీటిని మట్టి లోతున్న చోట, బోరుకు పల్లంలో, నిస్సారపు కందకాలలోకి వదలాలి.

ఎప్పుడు తీయించాలో తెలుసుకోవడానికి ఒక పొడవాటి కర్రకు పాత తెల్ల తువ్వాలు చుట్టి, మూత తెరిచి కొంతసేపు గాలి ఆడనిచ్చి, దూరంగా నిలబడి మొదటి గది అడుగు వరకు దించండి. బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండరాదు. కర్ర పైకి తీస్తే బురద అంటినంత మేర తువ్వాలు నల్లగా ఉంటుంది. ఆ బురద, పైన తెట్టె కలిపి నీటి లోతులో సగం, మన ట్యాంకులో 60 సెంటీమీటర్లు, దాటితే ట్యాంకరుకు కబురు పెట్టండి. మూడేళ్లకు కట్టాము కదా అని మూడేళ్లూ చూడకుండా ఉండవద్దు. ఏడాదికొకసారి, వానలకు ముందు, కర్ర దించి కొలత, తేదీ కేంద్రం రిజిస్టరులో రాసుకోండి. తోడించేటప్పుడు బురదంతా ఊడ్చేయకుండా అడుగున కాస్త వదిలించండి. అందులోని సూక్ష్మజీవులే మళ్లీ పని మొదలుపెడతాయి.