క్లాప్ బోర్డుకు ఇటూ అటూ



ఆదుర్తి సుబ్బారావు గారిని తలుచుకోవడానికి కూడిన సభ ఇది. ఇందాక టీ దగ్గర డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకామె నన్ను నిలబెట్టి అడిగింది: "సార్, సినిమాల్లో పనిచేయాలనుంది. ఎడిటింగ్‌లో చేరనా, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరనా?" ఆ ప్రశ్న పట్టుకునే ఆదుర్తి గారి దగ్గరికి వెళ్తాను. ఆయన ఆ రెండు గదుల్లోనూ పనిచేసినవారు మరి.

బొంబాయిలో ఫొటోగ్రఫీ చదివి, ల్యాబులో పని నేర్చుకుని, ఆపైన ఎడిటింగ్‌లో సహాయకుడిగా కుదిరారు. ఉదయ్ శంకర్ తీసిన 'కల్పన' (1948)కి పనిచేశారు. 'తోడి కోడళ్ళు' (1957) నాటికి మన ఇళ్ళల్లో మాట్లాడుకునే దర్శకుడయ్యారు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కె. విశ్వనాథ్ గారు వచ్చింది వాహినీ స్టూడియో సౌండ్ విభాగం నుంచి. సింగీతం శ్రీనివాసరావు గారిది వేరే దారి. ఆయన కె.వి. రెడ్డి గారి దగ్గర 'మాయాబజార్' (1957)కి సహాయకుడిగా చేసి, నేరుగా డైరెక్షన్ మెట్లే ఎక్కారు. రాజమౌళి గారు కోటగిరి వెంకటేశ్వరరావు గారి ఎడిటింగ్ గదిలో కొంతకాలం పని నేర్చుకున్నారు. తర్వాత ఆయన దర్శకుడయ్యాక అదే కోటగిరి గారు ఆయన సినిమాలు ఎడిట్ చేశారు.

అలాగని ఎడిటింగ్ గదిని దర్శకత్వానికి దొడ్డిదారి అనుకోకండి. కోటగిరి గారు జీవితమంతా ఎడిటర్‌గానే ఉన్నారు. శ్రీకర్ ప్రసాద్ గారు తండ్రి అక్కినేని సంజీవి గారి దగ్గర పని నేర్చుకుని, ఎన్ని భాషల్లో పనిచేసినా ఆ కుర్చీ వదల్లేదు.

ఈ రెండు శాఖల మధ్య నిలబడేది క్లాప్ బోర్డు. దాన్ని కెమెరా ముందు కొట్టేది అసిస్టెంట్ డైరెక్టర్. నెల తర్వాతైనా, ఆరు నెలల తర్వాతైనా దాన్ని చదివేది అసిస్టెంట్ ఎడిటర్. సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు. కొట్టేవాడికి అదొక లాంఛనంలా ఉంటుంది. చదివేవాడికి మాత్రం వేరే ఆధారం లేదు.

అది నాకు తెలిసొచ్చిన రోజు చెబుతాను. 1986, మద్రాసు. నేను ఒక సినిమాకి ఆఖరు అసిస్టెంట్‌ని. క్లాప్ నాదే, కంటిన్యూటీ పుస్తకమూ నాదే. ఫిల్ము ఖరీదైన సరుకు. నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. అందుకని తీసిన ప్రతి టేకునీ ప్రింటు వేయించేవారు కాదు. రిపోర్టు షీటులో ఓకే టేకు చుట్టూ సున్నా చుడితే, ల్యాబువాళ్ళు అదొక్కటే రష్ ప్రింట్ తీసేవారు. 42వ సీను, 7వ షాటు. తల్లి కొడుక్కి మజ్జిగ గ్లాసు అందిస్తుంది. రెండో టేకులో కొడుకు ఎడమ చేత్తో అందుకున్నాడు. అంతకుముందు తీసిన షాట్‌లో కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు గనక దర్శకుడు మూడో టేకు అడిగి, దాన్ని ఓకే చేశారు. పుస్తకంలో "కుడి చేయి, టేక్ 3 ఓకే" అని సరిగ్గానే రాశాను. లంచ్ బ్రేక్ హడావుడిలో షీటు మీద మాత్రం రెండు చుట్టూ సున్నా చుట్టాను.

మూడు వారాల తర్వాత ఎడిటింగ్ గదికి పిలిచారు. ఎడిటర్ గారు మూవియోలాలో ఆ షాటు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. గ్లాసు ఒక షాటులో కుడి చేతిలో, కట్ పడగానే ఎడమ చేతిలో. ఆయన అరవలేదు. ఫిల్ము ముక్కని వెలుతురుకి పట్టి, క్లాప్ మీది అంకె చూపించి, "పుస్తకం ఏమంటోంది బాబూ?" అన్నారు. పుస్తకం మూడంటోంది, ఫిల్ము రెండంటోంది. అదృష్టవశాత్తూ ల్యాబులో నెగటివ్ భద్రంగా ఉంది. మూడో టేకుకి ప్రింటు వేయించి తెప్పించేసరికి ఆ సీను పని రెండు రోజులు ఆగింది. ఆ రెండు రోజులూ నన్ను ఆ గదిలోనే కూర్చోబెట్టి, ట్రిమ్ముల్ని నంబర్ల వారీగా డబ్బాల్లో సర్దించారు. నేను ఎడిటింగ్‌లోకి వచ్చిన కథ అదే. శిక్షగా మొదలైంది, అక్కడే ఉండిపోయాను.

ఇప్పుడు ఫిల్ము లేదు, డబ్బాలూ లేవు. టేకుకి డబ్బు లెక్క పోయాక షూటింగువాళ్ళు కెమెరా ఆపడం మానేశారు. రోజూ సాయంత్రం కార్డులు సంచీడు వస్తాయి. అసిస్టెంట్ ఎడిటర్ మొదటి పని వాటిని కనీసం రెండు వేర్వేరు డ్రైవుల్లోకి ఎక్కించి, కాపీ అసలుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో సాఫ్ట్‌వేర్‌తో చెక్ చేయడం. అది తేలకుండా కార్డు ఫార్మాట్ చేయనివ్వకూడదు. ఆనాడు ల్యాబులో నెగటివ్ నన్ను కాపాడింది. ఫార్మాట్ అయిన కార్డుకి అలాంటి దిక్కుండదు. తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ క్లాప్ దగ్గర కలిపి, సీన్ల వారీగా పేర్లు పెట్టి బిన్లలో సర్దాలి.

ఇక్కడ పదే పదే ఎదురయ్యే ఒక తప్పు చెబుతాను. కెమెరా సెకనుకి 23.976 ఫ్రేముల మీద ఉంటుంది, ఎడిటింగ్ ప్రాజెక్టు 24 మీద తెరుస్తారు. తీసిన ప్రతి ఫ్రేముకీ ప్రాజెక్టులో ఒక ఫ్రేము అన్నట్టు ఎక్కిస్తే బొమ్మ కొంచెం వేగంగా నడుస్తుంది, శబ్దం తన వేగంతోనే నడుస్తుంది. మొదట్లో తేడా తెలియదు. ఆపకుండా తీసిన పది నిమిషాల టేకు చివరికి సుమారు 14 ఫ్రేములు, అంటే అర సెకనుకి పైగా తేడా. మాట ఒకచోట, పెదవి ఒకచోట. గుర్తుపట్టే ఉపాయం సులువు. టేకు మొదట్లోనూ చివర్లోనూ తేడా ఒకే మోతాదులో ఉంటే క్లాప్ తప్పుచోట కలిపినట్టు. పోనుపోను పెరుగుతుంటే వేగాలు కలవనట్టు. మొదటిదైతే జరిపితే సరిపోతుంది. రెండోదాన్ని జరిపి దిద్దబోతే రాత్రంతా జరుపుతూనే ఉంటారు. నేనూ అలా ఒక రాత్రి పోగొట్టుకున్నాను.

డైరెక్షన్ వైపు నిచ్చెనకి మెట్లు మీరు విన్నవే: అసిస్టెంట్, అసోసియేట్, కో-డైరెక్టర్. కిందివాడికి క్లాప్, కంటిన్యూటీ, జూనియర్ ఆర్టిస్టుల హాజరు. పైకి వెళ్ళేకొద్దీ స్క్రిప్టుని సీన్లుగా విడగొట్టి, ఏ లొకేషన్‌లో ఏవి కలిపి తీయాలో, ఏ నటుడి కాల్షీటు ఎప్పుడు అయిపోతుందో లెక్క వేయడం. పని వెలుతురులో, జనంలో, అరుపుల్లో. ఎడిటింగ్ వైపు చీకటి గది, ఒక కుర్చీ. జీతం సంగతి దాచను. రెండు చోట్లా మొదటి సినిమాకి చేతికి వచ్చేది తక్కువ. ఒక తేడా మాత్రం ఉంది. అసిస్టెంట్ డైరెక్టర్‌కి సినిమా ఆగిపోతే పనీ ఆగిపోతుంది. చేతిలో పని ఉన్న ఎడిటర్ దగ్గర ఒక సినిమా ఆగినా ఇంకొకటి నడుస్తుంటుంది. ఇంట్లో నుంచి డబ్బు తెచ్చుకోలేని పిల్లలు ఈ సంగతి ముందు ఆలోచించుకోవాలి. డిగ్రీ పూర్తి చేస్తే పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్ష రాయవచ్చు. 1960లో మొదలైన ఆ సంస్థలో ఎడిటింగ్‌కీ దర్శకత్వానికీ విడివిడిగా కోర్సులున్నాయి.

అమ్మా, నువ్వు ఎటు వెళ్ళాలో నేను చెప్పలేను. ఈ సెలవుల్లో నీ స్నేహితులతో మూడు పేజీల సీను ఒకటి తియ్యి. క్లాప్ నువ్వే కొట్టు, పుస్తకం నువ్వే రాయి, ఎడిటింగ్ ఇంకొకరికివ్వు. తర్వాతి సీనుకి పనులు మార్చుకోండి. వేరేవాళ్ళ పుస్తకం చదువుతూ ఎడిట్ చేస్తున్నప్పుడు నీకు విసుగొస్తుందో, ఉత్సాహం వస్తుందో గమనించు.

నా 1986 నాటి కంటిన్యూటీ పుస్తకం ఆ బల్ల మీద పెట్టాను. అట్ట ఊడింది, నెమ్మదిగా తిప్పండి. 42వ సీను దగ్గర మజ్జిగ మరక ఉంటుంది, అది ఆ గ్లాసులోదే.