నాజిల్ అరిగిందా లేదా? ఒక పిన్ను, ఒక టెస్ట్ ప్రింట్‌తో తేల్చేద్దాం

త్రీడీ ప్రింటర్ వాడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బ్రాస్ నాజిల్ ఎన్ని నెలలకి మార్చాలి?" అని. నెలలతో దీనికి జవాబు చెప్పలేం. ఒకరి నాజిల్ ఏడాది దాటినా బాగానే ఉంటుంది, ఇంకొకరిది ఒక్క స్పూల్ అయ్యేలోపే పోతుంది. అందుకే ఈరోజు మన నాజిల్ ఎంత అరిగిందో మనమే కొలిచి ఎలా తెలుసుకోవాలో చూద్దాం.

ముందు అరగడం అంటే ఏంటో చూద్దాం. అందరూ నాజిల్ రంధ్రం పెద్దదవుతుంది అనుకుంటారు. అది నిజమే కానీ సగమే. రెండోది, నాజిల్ కొన కూడా అరుగుతుంది. కొన ప్రింట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది కదా, దాంతో నాజిల్ పొట్టిదవుతుంది. రంధ్రం చుట్టూ ఉండే చదునైన అంచు గుండ్రంగా అయిపోతుంది. ఆ అంచే ప్రతి లైన్‌ని ఇస్త్రీ పెట్టె లాగా నున్నగా నొక్కుకుంటూ వెళ్లేది. అది పోయిందంటే రంధ్రం సైజు కరెక్ట్‌గానే ఉన్నా పైన ఫినిషింగ్ గరుకుగా వస్తుంది.

ఇప్పుడు కొలవడం. చాలామంది గాల్లోకి ఫిలమెంట్ తీసి, ఆ దారాన్ని క్యాలిపర్‌తో కొలుస్తారు. అది నమ్మొద్దు. కరిగిన ప్లాస్టిక్ రంధ్రం దాటగానే కాస్త ఉబ్బుతుంది, కిందకి వేలాడితే సాగి సన్నబడుతుంది. ఆ కొలత రంధ్రం కొలత కాదు.

ఇంకొందరు ఒక్క గోడ ఉన్న క్యూబ్ ప్రింట్ చేసి గోడ మందం కొలుస్తారు. 0.45 ఎంఎం సెట్ చేశాం, 0.45 వచ్చింది, కాబట్టి నాజిల్ బాగుంది అంటారు. ఇది కూడా తప్పే. ఎందుకంటే ఎంత ప్లాస్టిక్ తొయ్యాలో ఎక్స్‌ట్రూడర్ గేర్ డిసైడ్ చేస్తుంది, రంధ్రం కాదు. రంధ్రం కొంచెం పెద్దదైనా బయటికి వచ్చే ప్లాస్టిక్ అంతే, గోడ మందం కూడా దాదాపు అంతే. ఆ టెస్ట్ ఫ్లో సెట్టింగ్ చూసుకోవడానికి పనికొస్తుంది, అరుగుదల చూడటానికి కాదు.

మరి ఎలా? పిన్ గేజ్‌లు వాడాలి. అంటే కచ్చితమైన సైజులో ఉండే సన్నని స్టీల్ పుల్లలు. 0.4 నాజిల్‌కి 0.40, 0.42, 0.45, 0.50 ఉంటే చాలు. నాజిల్‌తో పాటు ఫ్రీగా వచ్చే క్లీనింగ్ సూదిని కొలతకి వాడొద్దు, చాలాసార్లు అది రంధ్రం కంటే సన్నగానే ఉంటుంది. డ్రిల్ బిట్‌ని లోపల తిప్పొద్దు, బ్రాస్ మెత్తని లోహం, మీరే గీతలు పెట్టేస్తారు.

నాజిల్‌ని విప్పి, లోపల ప్లాస్టిక్ లేకుండా క్లీన్ చేసి, చల్లారాక కొన వైపు నుంచి పిన్ పెట్టండి. బలం పెట్టకండి. ఏ సైజు పోతోంది, ఏ సైజు పోవట్లేదు, ఈ రెండే రాసుకోండి. పిన్ కొంచెం దూరి ఆగిపోయిందంటే, మూతి దగ్గర గరాటులా అరిగింది, లోపల ఇంకా బాగుంది అని అర్థం. తర్వాత క్యాలిపర్‌తో నాజిల్ మొత్తం పొడవు కొలవండి.

ముఖ్యమైన విషయం, ఈ రెండు కొలతలూ నాజిల్ కొత్తగా ఉన్నప్పుడే ఒకసారి తీసుకోవాలి. చవక నాజిల్‌లు ప్యాకెట్‌లోంచి వచ్చేటప్పుడే అటూ ఇటూగా ఉంటాయి. మొదటిరోజు కొలత లేకపోతే తర్వాత దేనితో పోలుస్తారు?

ఒక లెక్క తీసుకుందాం. కొత్త నాజిల్‌లో 0.40 పిన్ పోయింది, 0.42 పోలేదు, పొడవు 12.98 ఎంఎం అనుకోండి. మామూలు పీఎల్ఏ 5 స్పూల్స్ ప్రింట్ చేశాక చూస్తే 0.42 ఇంకా పోవట్లేదు, పొడవు 12.96. అంటే మార్చాల్సిన పనేం లేదు. ఆ తర్వాత చీకట్లో మెరిసే గ్లో ఫిలమెంట్ సగం స్పూల్ వాడారు. ఇప్పుడు 0.45 పిన్ ఈజీగా పోతోంది, పొడవు 12.82. వ్యాసం పెరిగింది 0.05 మాత్రమే కదా అనిపిస్తుంది. కానీ రంధ్రం వైశాల్యం వ్యాసం స్క్వేర్‌తో పెరుగుతుంది. 0.45 ఇంటూ 0.45 ని 0.40 ఇంటూ 0.40 తో భాగిస్తే 1.27 వస్తుంది. అంటే రంధ్రం 27 శాతం పెద్దదైంది. పైగా కొన 0.16 ఎంఎం పొట్టిదైంది. 0.2 ఎంఎం లేయర్ వేసే ప్రింటర్‌కి అది దాదాపు ఒక లేయర్ అంత.

అందుకే ఇంకో గుర్తు ఉంది. బెడ్‌ని వేరే ప్రోబ్‌తో చూసుకునే ప్రింటర్‌లో, ఏమీ మార్చకపోయినా కొన్ని వారాలుగా జెడ్ ఆఫ్‌సెట్‌ని కిందకి దించుతూనే ఉండాల్సి వస్తే నాజిల్ కొనని అనుమానించండి. నాజిల్‌తోనే బెడ్‌ని తాకి చూసుకునే ప్రింటర్‌లో మాత్రం ఈ గుర్తు కనిపించదు, ఎందుకంటే అది పొట్టి నాజిల్‌కి తనే సర్దుకుంటుంది.

ఇప్పుడు టెస్ట్ ప్రింట్. నాజిల్ కొత్తగా ఉన్నప్పుడే ఒక చిన్న మోడల్ ప్రింట్ చేసి దాచండి. అందులో మూడు ఉండాలి: చదునైన పైభాగం, చిన్న అక్షరాలు, పక్కపక్కనే రెండు సన్న స్తంభాలు. ఆ జీకోడ్ ఫైల్‌ని కూడా అలాగే ఉంచండి. డౌట్ వచ్చిన రోజు అదే ఫైల్, అదే ఫిలమెంట్‌తో మళ్లీ ప్రింట్ చేసి రెండూ పక్కపక్కన పెట్టండి. అరిగిన నాజిల్‌తో పైభాగంలో లైన్లు విడివిడిగా, గరుకుగా కనిపిస్తాయి. అక్షరాల మూలలు మొద్దుబారతాయి. స్తంభాల మధ్య దారాలు పెరుగుతాయి.

కానీ దారాలు చూసి వెంటనే నాజిల్‌ని తప్పు పట్టకండి. తేమ పట్టిన ఫిలమెంట్ కూడా అలాగే చేస్తుంది, మనకి వర్షాకాలంలో మరీ ఎక్కువ. ముందు ఫిలమెంట్ ఆరబెట్టి మళ్లీ ప్రింట్ చేయండి. అయినా తగ్గకపోతే కొత్త నాజిల్ పెట్టి అదే ఫైల్ వేయండి. అప్పుడు క్లీన్‌గా వస్తే తప్పు నాజిల్‌దే. కొత్తదానితో కూడా అలాగే వస్తే పాతదాన్ని పారేయకండి, సమస్య ఇంకెక్కడో ఉంది.

చివరిగా, ఎప్పుడు మార్చాలి? మామూలు పీఎల్ఏ, పీఈటీజీ అయితే 3, 4 కిలోలకి ఒకసారి కొలవండి. మొదటిరోజు కంటే 0.05 పెద్ద పిన్ పోయినా, పొడవు 0.1 తగ్గినా మార్చేయండి. గ్లో, కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ ఫిలమెంట్‌లు అయితే అసలు బ్రాస్ వాడకండి, వాటిలో ఉండేవి బ్రాస్‌ని ఇసుక కాగితంలా గీకేస్తాయి. హార్డెన్డ్ స్టీల్ నాజిల్ పెట్టండి. స్టీల్‌లో వేడి బ్రాస్ అంత త్వరగా పాకదు కాబట్టి టెంపరేచర్ 5 నుంచి 10 డిగ్రీలు పెంచి చూసుకోండి. స్టీల్ లేదు, ఒక్క గ్లో బొమ్మే చెయ్యాలి అంటారా? ఒక పాత బ్రాస్ నాజిల్‌ని దానికి కేటాయించేయండి. మంచిదాన్ని విప్పి పక్కన పెట్టుకోండి.

మీ నాజిల్‌కి ఏ పిన్ పోయింది, ఎన్ని కిలోలు ప్రింట్ చేశారు, ఏ ఫిలమెంట్ వాడారు, కామెంట్‌లో రాయండి.