కొత్త ఊరు, కొత్త పొరుగు
(నంద్యాల స్మారకోపన్యాసం)

మీలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ కొత్త ఇంట్లో దిగినవాళ్లు ఇరుగుపొరుగును ఎలా పలకరించాలన్నదే నేటి విషయం.

ఆళ్లగడ్డలో కొత్త కాపురం దిగితే పాలు పొంగేలోపే పక్కింటివాళ్లు వస్తారు. "యా ఊరు మీది? మీ ఆయన ఏం పని చేస్తాడు? జీతమెంత?" అని అడుగుతారు. అడక్కపోతే మనకే చిన్నతనం. అమెరికాలో జీతం, వయసు, పెళ్లి, మతం గురించి తొలి పరిచయంలో అడగరు. వాతావరణం, కుక్కపిల్ల, చెత్తబండి వచ్చే రోజు, దగ్గర్లోని బడి: వీటితోనే మాట మొదలవుతుంది.

పాత కాపురస్తులే వచ్చి పలకరించడం అమెరికాలో పాత మర్యాద. ఇప్పుడు అన్నిచోట్లా అది జరగదు కాబట్టి మనమే ముందు వెళ్లడంలో తప్పులేదు. జపాన్‌లోనైతే కొత్తగా దిగినవాళ్లే చిన్న కానుకతో చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లడం ఆనవాయితీ.

అమెరికాలో సెలవురోజు పగటిపూట వెళ్లండి. గంట ఒకసారి నొక్కి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడండి. పేరు, మీ ఇల్లు ఏదో, ఎప్పుడొచ్చారో చెప్పండి. రెండు నిమిషాలు చాలు. లోపలికి పిలవకపోతే అవమానం కాదు. అమెరికన్ల అలవాట్లను గమనించిన ఎడ్వర్డ్ హాల్, 1966లో వెలువడిన తన పుస్తకంలో, అంతగా చనువు లేనివాళ్ల మధ్య నాలుగడుగుల నుంచి పన్నెండడుగుల దాకా ఎడం ఉంటుందని రాశాడు. మీరు దగ్గరికి జరిగినకొద్దీ ఎదుటివాళ్లు వెనక్కి జరుగుతుంటే, జవాబులు పొట్టివవుతుంటే, "సరే, మీ పని చూసుకోండి" అన్నట్టు మాట తేలిపోతే, సెలవు తీసుకునే వేళయిందని అర్థం.

తినేది ఇవ్వాలనుకుంటే జాగ్రత్త. మన ప్రాంతంలో బుడ్డలు వేయని పొడి, చట్నీ అరుదు. అక్కడ బుడ్డలు పడనివాళ్లుంటారు. కొందరికి కొంచెం తగిలినా ప్రాణం మీదికొస్తుంది. బుడ్డల ఉండలకన్నా ఓళిగలు మేలు. వాటిలోనూ గోధుమ, నెయ్యి, పప్పు ఏమేం వేశారో చీటీమీద రాసివ్వండి. ఇంట్లో ఎవరూ లేకపోతే మీ పేరు రాసిన చీటీని తలుపు దగ్గర పెట్టండి, పోస్టుపెట్టెలో వద్దు. స్టాంపు లేని కాగితాన్ని పోస్టుపెట్టెలో వేయడం అక్కడి చట్టానికి విరుద్ధం.

మనుమల కోసం వెళ్లే తల్లిదండ్రులకు ఒక్క మనవి. సాయంత్రం నడకలో ఎదురైనవాళ్లు "హౌ ఆర్ యూ" అంటే మోకాళ్ల నొప్పుల కథ ఎత్తుకోకండి. నవ్వి, "గుడ్, హౌ ఆర్ యూ" అని నడక సాగించండి. రోజూ అదే వేళకు, అదే దారిలో కనిపించండి. అక్కడ చనువు ప్రశ్నలతో కాదు, అలా కనబడుతూ ఉండటంతోనే పెరుగుతుంది.