పసివాళ్ళ చేతికిచ్చే ముందు ఒక్క నాలుగు నిమిషాలు



పొయ్యి మీద కూర ఉంటుంది, కుక్కరు కూత వేస్తూ ఉంటుంది, నాలుగేళ్ళ పిల్లవాడు కొంగు పట్టుకుని "అమ్మా, బొమ్మల కథ పెట్టవూ" అని మారాం చేస్తూ ఉంటాడు. ఫోనులో యూట్యూబు తెరిచి, రంగురంగుల బొమ్మ కనబడగానే వాడి చేతికిచ్చేస్తాం. పన్నెండు నిమిషాల కథని ముందు మనం కూర్చుని చూడాలంటే అయ్యే పనేనా? అందుకే, మొత్తం చూడకుండానే లోపల ఏముందో పట్టుకునే పద్ధతి ఒకటి ఇవాళ చెప్పుకుందాం. ఇందులో పనులు రెండే. ఒకటి బొమ్మల్ని అక్కడక్కడ తీసి చూడడం, రెండోది మాటల్ని చదవడం.

ముందుగా ఒక్క మాట. బొమ్మలతో చేసిందల్లా పిల్లల కోసం చేసింది కాదండీ. మన తెలుగులోనే అత్తాకోడళ్ళ కథలు, దెయ్యాల కథలు బోలెడు బొమ్మల రూపంలో వస్తున్నాయి. అవి పెద్దవాళ్ళ కాలక్షేపానికి తీసినవి. బొమ్మ ముద్దుగా ఉంటుంది గాని, కథలో విషం పెట్టడాలూ, కొట్టుకోవడాలూ ఉంటాయి.

ఇక మొదటి పని. వీడియో కింద ఒక సన్నని గీత ఉంటుంది చూడండి. దాని మీది చుక్కని వేలితో పట్టుకుని మెల్లగా పక్కకి జరిపితే, ఆయా చోట్ల ఉన్న దృశ్యం చిన్న బొమ్మగా పైన కనబడుతుంది. అలా జరుపుతూనే వేలిని కాస్త పైకి లాగితే, బొమ్మలు వరసగా, పూర్వం ఫొటో ఫిల్ము చుట్ట విప్పినట్టు వస్తాయి. కంప్యూటరు ఉన్నవాళ్ళు `L` అన్న అక్షరం నొక్కితే వీడియో పది సెకన్లు ముందుకి దూకుతుంది, కుడివైపు బాణం నొక్కితే అయిదు సెకన్లు.

ఎంత దూరానికొక బొమ్మ చూడాలన్నదే ఇక్కడ అసలు కిటుకు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పేస్తాం. ఎందుకంటే కుండలో అన్నీ ఒకేలా ఉడుకుతాయి. వీడియో అలా కాదు, బియ్యంలో రాయి లాంటిది. ఒకచోట బాగుంటే ఇంకోచోట బాగుంటుందని లేదు. 2019 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక పిల్లల డాక్టరమ్మ బయటపెట్టిన సంగతి ఇదే. పిల్లల కార్టూను మధ్యలో ఎవరో కొద్ది సెకన్ల ముక్క అతికించారు. ఒక మనిషి వచ్చి, తనకు తాను హాని చేసుకోవడం గురించి చెప్పి పోతాడు. ఆ వెంటనే కార్టూను మళ్ళీ మామూలుగా నడుస్తుంది.

అలాంటి ముక్క తొమ్మిది సెకన్లు ఉందనుకోండి. మనం ముప్ఫై సెకన్లకొకసారి చూస్తే, పదిసార్లలో మూడుసార్లే దొరుకుతుంది, ఏడుసార్లు తప్పించుకుంటుంది. పది సెకన్లకొకసారి చూస్తే పదింట తొమ్మిదిసార్లు దొరుకుతుంది. అయిదు సెకన్లకొకసారైతే తప్పించుకోలేదు. కాబట్టి మొదట పది సెకన్ల లెక్కన చూసుకుపోయి, అనుమానం వచ్చిన చోట అయిదు సెకన్లకి, అవసరమైతే ఇంకా దగ్గరకి రావాలి.

రెండో పని మాటలు చదవడం. వీడియో పేరు మీద నొక్కితే దాని వివరాలు తెరుచుకుంటాయి. కిందికి వెడితే `Show transcript` అని ఉంటుంది. నొక్కితే ఏ నిమిషంలో ఏం మాట్లాడారో వరసగా కనబడుతుంది. పన్నెండు నిమిషాల మాటల్ని పైపైన చదవడానికి రెండు నిమిషాలు చాలు. చంపడం, విషం, రక్తం, దెయ్యం, తిట్లు, ఇవి ఎక్కడున్నాయా అని కన్ను వేస్తూ పోవాలి. ఇంగ్లీషు వీడియోల్లో యంత్రం దానంతటదే రాసిన మాటల్లో `[ __ ]` అని ఖాళీ కనబడితే, అక్కడ బూతు మాట పడిందని యంత్రం అనుకుందన్నమాట. `[Music]` అని మాత్రమే ఉండి మాటలేవీ లేకపోతే, అక్కడ ఏం జరుగుతోందో బొమ్మలే చెప్పాలి. వెనక్కి వెళ్ళి ఆ భాగాన్ని దగ్గర దగ్గరగా చూడండి.

ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. పన్నెండు నిమిషాల బొమ్మల కథ ఒకటి ఉందనుకుందాం. పది సెకన్లకొకటి చొప్పున డెబ్భై రెండు బొమ్మలు. ఒక్కొక్కదాని మీద ఒక్క క్షణం చూపు నిలిపితే నిమిషంన్నర లోపు అయిపోతుంది. ఇల్లు, వంటగది, పెరట్లో నుయ్యి, పాలగ్లాసు పట్టుకుని నవ్వుతున్న అత్తగారు. ఏ బొమ్మా చెడ్డది కాదు. ఇప్పుడు మాటలు చదివితే, ఏడున్నర నిమిషాల దగ్గర ఆ నవ్వుతున్న అత్తగారే "ఈ పాలల్లో ఇది కలిపేస్తే రేపు పొద్దుటికి పీడా విరగడైపోతుంది" అంటోంది. బొమ్మలో ఉన్నది పాలగ్లాసే, విషమంతా మాటలో ఉంది.

ఇంకా కిందికి వస్తే, పదో నిమిషం నుంచి పదకొండు వరకూ మాటలే లేవు. అక్కడికి వెళ్ళి రెండేసి సెకన్లకి జరిపి చూస్తే, నూతిలోంచి జుట్టు విరబోసుకుని ఒక ఆకారం లేచి వస్తోంది. ఎనిమిది సెకన్ల దృశ్యం అది. మన పది సెకన్ల లెక్కలో సరిగ్గా రెండు బొమ్మల మధ్య దాక్కుంది. చూశారా, మొదటిదాన్ని మాటలు పట్టిచ్చాయి, రెండోదాన్ని మాటలు లేకపోవడం పట్టిచ్చింది. మొత్తం పట్టిన సమయం నాలుగు నిమిషాలు.

మాటల ప్రతి అసలు లేని వీడియోలు కూడా ఉంటాయి. తెలుగులో అయితే యంత్రం మాటల్ని తప్పుగా విని అర్థంపర్థం లేకుండా రాయడమూ కద్దు. మొదటి నాలుగు వాక్యాలు విన్నదానితో సరిపోల్చండి. పొంతన లేకపోతే దాన్ని నమ్మకండి. అప్పుడు వీడియోని రెండింతల వేగంలో పెట్టి, కూర తరుగుతూ చెవి వేసి ఉంచండి. పన్నెండు నిమిషాలది ఆరు నిమిషాల్లో అయిపోతుంది.

ఈ పద్ధతికి అందనివి కూడా ఉన్నాయి సుమండీ. హఠాత్తుగా వచ్చే కేక, గుండె దడదడలాడించే చప్పుడు బొమ్మల్లో కనబడవు, మాటల్లో రాయబడవు. నాలుగేళ్ళవాడు బొమ్మకంటే చప్పుడుకే ఎక్కువగా జడుసుకోవచ్చు. అందుకని రాత్రి దృశ్యాలున్న చోట నాలుగైదు సెకన్లు శబ్దంతో విని చూడండి. మధ్యలో వచ్చే ప్రకటనలు మనం చూసినదాంట్లో ఉండవు, అవి అప్పటికప్పుడు వచ్చి పడతాయి. ఒకటి అయిపోగానే దానంతటదే మొదలయ్యే రెండో వీడియోని మనం చూసి ఉండం. పైన ఉండే `Autoplay` అనే మీటని తప్పకుండా ఆపేసి ఇవ్వండి.

చెడ్డ ముక్క ఒకటే ఉంది, అక్కడ దాటిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. పిల్లవాడు అదే కథని పదిసార్లు పెట్టుకుంటాడు, పదిసార్లూ మనం పక్కన ఉండం. కాబట్టి ఆ కథని వదిలేసి ఇంకోటి వెతకడమే మేలు. బాగున్నదని తేలినదాన్ని మాత్రం ఒక జాబితాలో దాచుకోండి. రేపు మళ్ళీ వెతుక్కోనక్కరలేదు, వాడు అడిగేదీ మళ్ళీ అదే కథ కదా.