పత్తి ఖర్చుల చిట్టాలో గట్టెక్కే గీత ఎక్కడుంది?
(సంగారెడ్డి జిల్లా పత్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సదాశివపేట వైపు నుంచి ఒక కౌలు రైతు తన పత్తి ఖర్చుల కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి మనకు పంపాడు. ఎకరానికి 8 క్వింటాళ్లు వచ్చాయి, ఖర్చు 47,000, అంటే క్వింటాలుకు 5,875 పడింది, అంతకు పైన ఏ ధర వచ్చినా లాభమే కదా అని అడిగాడు. ఈ లెక్క మనలో చాలామంది వేసేదే. ఇందులో ఎక్కడ దెబ్బ తింటామో ఈరోజు చూద్దాం.

ముందు ఫొటో సంగతి. కాగితం మడతలో ఒక వరుస కనిపించలేదు. కనిపించిన పద్దులు కూడితే 41,000 వచ్చింది, కింద మొత్తం 47,000 అని ఉంది. తేడా 6,000. ఫోన్ చేసి అడిగితే అది కలుపు, గుంటక ఖర్చని తేలింది. ఫొటో లెక్క ఎవరు పంపినా ముందు పద్దులు కూడి, మొత్తంతో సరిపోయిందో లేదో చూడాలి.

ఇప్పుడు పద్దుల్ని రెండు కుప్పలు చేద్దాం. ఒక్కో పద్దును ఒకటే అడగాలి: దిగుబడి సగానికి పడిపోతే ఈ ఖర్చు తగ్గుతుందా?

కౌలు 12,000, దుక్కి, అచ్చులు 4,500, విత్తనం 1,800, ఎరువులు 5,500, పురుగుమందులు 5,200, కలుపు, గుంటక 6,000. ఇవేవీ తగ్గవు. పత్తి పగలకముందే ఖర్చయిపోయాయి. మొత్తం 35,000. ఇది స్థిర ఖర్చు. విత్తనం, ఎరువులు చరఖర్చులని పుస్తకాల్లో ఉంటుంది. ఎన్ని ఎకరాలు వేయాలని ఆలోచించేటప్పుడు అది నిజమే. విత్తిన తర్వాత, ఎన్ని క్వింటాళ్లకు గట్టెక్కుతామని అడిగితే మాత్రం అవి స్థిర ఖర్చులే.

మిగిలినవి రెండు. పత్తి ఏరినందుకు కిలోకు 12 చొప్పున క్వింటాలుకు 1,200, బండి కిరాయి, హమాలీ 300. క్వింటాలుకు 1,500. ఇవి దిగుబడిని బట్టి మారే చరఖర్చులు.

2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 7,521 రూపాయలు. లెక్క సులువు కోసం 7,500 అనుకుందాం. అందులో చరఖర్చు 1,500 తీసేస్తే క్వింటాలుకు 6,000 మిగులుతుంది. 35,000ను ఈ 6,000తో భాగిస్తే 5.83. దాదాపు ఆరు క్వింటాళ్లకు గట్టెక్కుతాం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. వచ్చినవి 8 క్వింటాళ్లు కాబట్టి 2.17 క్వింటాళ్లు, అంటే 27 శాతం పంట పోయినా నష్టం రాదు. ఇది భద్రతా మిగులు, మార్జిన్ ఆఫ్ సేఫ్టీ.

కానీ మద్దతు ధర అందరికీ అందదు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొననే కొనదు. పైగా కౌలు రైతు పేరున పట్టా ఉండదు. అతను వ్యాపారికి 6,500కు అమ్మాడనుకోండి. క్వింటాలుకు మిగిలేది 5,000. గట్టెక్కడానికి 7 క్వింటాళ్లు కావాలి. మిగులు ఒక్క క్వింటాలు, పన్నెండున్నర శాతం. ధర తగ్గింది 13 శాతమే, మిగులు మాత్రం సగానికి పైగా పోయింది.

ఇక 5,875 అన్న లెక్క ఎక్కడ మోసం చేస్తుందో చూడండి. వానలకు కాయ కుళ్లి 6 క్వింటాళ్లే వచ్చాయనుకుందాం. స్థిర ఖర్చు 35,000 అలాగే ఉంటుంది, చరఖర్చు 9,000. మొత్తం 44,000, క్వింటాలుకు 7,333. అదే వ్యాపారి ధరకు అమ్మితే వచ్చేది 39,000. ఎకరానికి 5,000 నష్టం. 5,875 అనేది 8 క్వింటాళ్లు పండినప్పుడు మాత్రమే నిజం.

ఈ కాగితంలో లేని పద్దు ఇంకోటి ఉంది. ఆలుమగలు చేసిన పని. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు పోతే రోజు కూలి వస్తుందని మనకు తెలుసు. ఇద్దరివి కలిపి ఎకరానికి 14 రోజుల పని, రోజుకు 500 వేసినా 7,000. స్థిర ఖర్చు 42,000 అవుతుంది. మద్దతు ధరకు అమ్మినా 7 క్వింటాళ్లు పండాలి. వ్యాపారి ధరకైతే 8.4 క్వింటాళ్లు. పండింది 8. అంటే లాభమని రాసుకున్న పంటలో ఇంటివాళ్ల కూలి కూడా పూర్తిగా రాలేదు.

అందుకే మనం ధర గురించే కాదు, కౌలు గురించీ మాట్లాడాలి. 35,000లో 12,000, మూడో వంతుకు పైగా, కౌలే. పంట పోయినా భూయజమానికి అది తగ్గదు, నష్టమంతా కౌలుదారుడి మీదే పడుతుంది. పంట నష్టపోయిన ఏడు కౌలు తగ్గాలి. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చి, తన పేరునే మద్దతు ధరకు అమ్ముకోనివ్వాలి. ఈ రెండూ జరిగితే గట్టెక్కే గీత కిందికి దిగుతుంది.

వచ్చే సమావేశానికి ప్రతి గ్రామం నుంచి మీ కాగితాలు తీసుకురండి. స్థిర ఖర్చులు ఒక వరుసలో, క్వింటాలును బట్టి మారేవి మరో వరుసలో, ఇంటివాళ్ల పని రోజులు వాటి కింద విడిగా రాయండి. ఆ లెక్కలతోనే కలెక్టరేటుకు వెళ్దాం.