మరిచిపోయిన బీపీ గోలీ: రెండు వేసుకోవాలా, వదిలెయ్యాలా?

(క్యాంపులో జరిగిన ఆరోగ్య సభలో మా ఫోరం తరఫున చేసిన ప్రసంగం)

డ్యూటీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా వచ్చి కూర్చున్నవాళ్లు చాలామంది కనబడుతున్నరు. అందుకే ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. మేము క్యాంపుల్లో బీపీ చూసేటప్పుడు అందరికన్నా ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇది: "అన్నా, నిన్న గోలీ మరిచిపోయిన. ఇప్పుడు రెండు వేసుకోవాల్నా?"

వద్దు. రెండు వేసుకోవద్దు. ఎందుకు వద్దో మన తోటి మనిషికి జరిగిందే చెప్తాం. పేరు చెప్పం, ఆయనకు ఇష్టం లేదు. జగిత్యాల దిక్కు మనిషి, నలభై ఆరేళ్లు, దుబాయిలో స్టీల్ ఫిక్సర్. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన గోలీ రోజూ రాత్రి 9 గంటలకు వేసుకుంటడు. ఒక గురువారం రాత్రి అలసిపోయి అట్లనే పడుకున్నడు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు రూముకు వచ్చినంక యాది వచ్చింది. నిన్నటి బాకీ తీరాలని ఆ రాత్రి 9కి రెండూ కలిపి మింగిండు. అది జూలై నెల, పగలంతా చెమట కార్చిన ఒళ్లు, తాగిన నీళ్లు తక్కువ. తెల్లవారుజామున 4కి మంచం మీదినుంచి లేచి రెండడుగులు వేసిండో లేదో, కళ్లు చీకట్లు కమ్మి బాత్రూమ్ గుమ్మం దగ్గర పడిపోయిండు. కనుబొమ్మ పగిలింది. క్లినిక్‌లో చూస్తే బీపీ 96/58. అదే ఇంకో రెండు గంటలు ఆగి పరంజా మీద జరిగి ఉంటే? ఆలోచించుకోండి.

బీపీ మందు బ్యాంకు వాయిదా లాంటిది కాదు, తప్పితే మరుసటి నెల రెండు కట్టడానికి. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. అందులో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే ఒక రాత్రి మరిచిపోయినా నిన్నమొన్నటి మందు ఇంకా పని చేస్తూనే ఉంటుంది. దాని మీద రెండు గోలీలు ఒకేసారి పడితే బీపీ అవసరానికి మించి దిగుతుంది.

మరి ఆయన ఏం చెయ్యాల్సింది? రోజుకు ఒక్కసారి వేసుకునే గోలీకి సగం దారి లెక్క పెట్టుకోండి. వేసుకోవాల్సిన టైం నుంచి 12 గంటల లోపు యాదికొస్తే వెంటనే వేసుకోండి, తర్వాతది మామూలు టైంకే. 12 గంటలు దాటితే ఆ గోలీని వదిలేయండి, తర్వాతది మామూలు టైంకి ఒక్కటే. మన అన్నకు శుక్రవారం పొద్దున నాలుగున్నరకు బ్రష్ చేసేటప్పుడు యాదికొస్తే ఆలస్యం ఏడున్నర గంటలే, అప్పుడే వేసుకొని రాత్రి 9కి మళ్లీ వేసుకుంటే సరిపోయేది. సాయంత్రం 6కి యాదికొచ్చింది కాబట్టి 21 గంటలు దాటింది. పాతది వదిలేసి, 9కి ఒక్కటి వేసుకుంటే చాలు. రోజుకు రెండుసార్లు వేసుకునే మందైతే సగం దారి అంటే 6 గంటలు. మీ మందుతో వచ్చిన కాగితంలో గానీ మీ డాక్టర్ గానీ వేరేగా చెప్తే, వాళ్ల మాటే వినండి.

"వేసుకున్ననో లేదో గుర్తు లేదు" అనేవాళ్లూ ఉంటరు. అనుమానం ఉంటే వేసుకోవద్దు. తర్వాతి టైం దాకా ఆగండి.

ఒక్క రోజు కాదు, నాలుగైదు రోజులు తప్పిందనుకోండి. అప్పుడూ బాకీ తీర్చడం లేదు, ఎప్పటిలెక్క ఒక్కటే. కానీ బీపీ చూపించుకొని డాక్టర్‌కు చెప్పాలి. ముఖ్యంగా అటెనోలాల్, మెటోప్రోలాల్, క్లోనిడిన్ వాడేవాళ్లు. వీటిని ఒక్కసారిగా ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి రావచ్చు, బీపీ ముందుకన్నా పైకి ఎగరొచ్చు. మీ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, ఇయ్యాల రూముకు పోగానే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మందు తప్పినంక ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం కనబడితే గోలీ కోసం వెతకొద్దు. అంబులెన్స్‌ను పిలవండి, యూఏఈలో నంబరు 998.

ఇక అసలు గొడవ: ఎందుకు మరిచిపోతున్నం? బద్ధకం కాదు. షిఫ్టు. పగలు డ్యూటీ ఉన్న వారం 4కే లేస్తం, నైట్ డ్యూటీ వారం మధ్యాహ్నం 2కి లేస్తం. "లేవగానే గోలీ" అని పెట్టుకున్నోడికి షిఫ్టు మారిన రోజు రెండు గోలీల మధ్య 34 గంటలు పడుతుంది. రాత్రి 9 అని పెట్టుకున్నోడు నైట్ డ్యూటీలో ఆ టైంకి సైట్‌లో ఉంటడు, గోలీ రూములో ఉంటది.

మేము చెప్పే ఉపాయం ఒక్కటే. రెండు షిఫ్టుల్లోనూ మీరు మెలకువగా ఉండి, రూములోనే ఉండే గంటను వెతకండి. మన క్యాంపులో అది సాయంత్రం 6. పగలు డ్యూటీవాళ్లు అప్పుడే బస్సు దిగుతరు, నైట్ డ్యూటీవాళ్లు డబ్బా సర్దుకుంటరు. మీ క్యాంపులో అయిదో, ఏడో కావచ్చు. గోలీ పొద్దున్నే పడాలని చాలామంది అనుకుంటరు. బ్రిటన్‌లో ఇరవై వేలకు పైగా మందితో చేసిన టైమ్ అనే పరిశోధన ఫలితం 2022లో వచ్చింది: పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనబడలేదు. అయితే గోలీ పేరు చివర హెచ్ అక్షరం ఉంటే అందులో మూత్రం ఎక్కువ తెప్పించే మందు సాధారణంగా కలిసి ఉంటుంది, రాత్రి నిద్ర చెడుతుంది. అవి వాడేవాళ్లు టైం మార్చుకునే ముందు డాక్టర్‌ను అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు కూడా అడిగే వేసుకోండి.

టైం కుదిరినంక, గుర్తు కావాలి. అలారం మంచిదే గానీ, మోగినప్పుడు బస్సులో ఉంటే ఆపేస్తం, అంతే. అందుకే స్ట్రిప్ వెనక ప్రతి గోలీ మీద మార్కర్‌తో సోమ, మంగళ అని వారం పేర్లు రాయండి. మంగళవారం గోలీ ఇంకా అట్లనే ఉంటే, వేసుకోలేదని కళ్లకే తెలుస్తుంది. ఏడు గదుల డబ్బా కొనుక్కున్నా ఇదే పని. ఎవరి స్ట్రిప్ మీద వాళ్ల పేరు కూడా రాయండి, ఎనిమిది మంది ఉండే రూములో గోలీలు మారిన సంగతులు మేము చూసినం. సైట్‌లోని టూల్ బాక్సులో మాత్రం పెట్టొద్దు, ఆ వేడికి మందు చెడిపోతుంది.

స్ట్రిప్‌లో పది మిగిలినయంటే కొత్తవి తెచ్చుకునే రోజు వచ్చిందని లెక్క. ఊరినుంచి ఎవరో తెస్తరని చూస్తూ కూర్చుంటే, ఆ ఎవరో సెలవు పొడిగించుకుంటడు.

సెలవుకు పోయేటప్పుడు గోలీలు, డాక్టర్ చీటీ చేతి బ్యాగులో పెట్టుకోండి, లగేజీలో వద్దు. ఇక్కడ సాయంత్రం 6 అంటే మన ఊళ్లో ఏడున్నర, టైం మార్చుకునే పనే లేదు. ఆ పడిపోయిన అన్న ఇప్పుడు 6కే వేసుకుంటున్నడు. ఆ టైంకి ఇంటినుంచి వీడియో కాల్ వస్తది, స్ట్రిప్ వెనక్కి తిప్పి చూపించే దాకా వాళ్ల చెల్లె ఫోన్ పెట్టదు.