అన్నీ ముఖ్యమే అనే కొనుగోలుదారు

కొనేవాళ్లను “మీకు ధర ముఖ్యమా, బ్రాండ్ ముఖ్యమా, గ్యారంటీ ముఖ్యమా?” అని అడిగి చూడండి. అన్నీ ముఖ్యమే అంటారు. అది అబద్ధం కాదు. దేన్నీ వదులుకోనక్కర్లేనప్పుడు ఎవరైనా అదే చెబుతారు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోక తప్పని పరిస్థితి కల్పించి, అప్పుడు అడగడమే కాన్‌జాయింట్ ఎనాలిసిస్.

1975లో పాల్ గ్రీన్, యోరమ్ విండ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించిన ఉదాహరణ చెబుతాను. తివాచీల మీది మరకలు తీసే మందు ఒకటి అమెరికా మార్కెట్లోకి తేవాలి. మూడు రకాల ప్యాకింగ్, మూడు బ్రాండ్ పేర్లు, 1.19, 1.39, 1.59 డాలర్ల ధరలు. వీటికి తోడు ఒక పత్రిక ఇచ్చే నాణ్యతా ముద్ర, డబ్బు వాపసు గ్యారంటీ ఉండాలా వద్దా అన్నది. అన్నీ కలిపితే 108 రకాల సరుకు తయారవుతుంది. అన్నిటినీ ఎవరూ పోల్చలేరు కాబట్టి 18 కార్డులే ఎంచారు. ఆ ఎంపికలోనే పనితనమంతా ఉంది: ప్రతి ధరా ప్రతి ప్యాకింగ్‌తోనూ సమానంగా జతపడాలి. చవక ధర ఎప్పుడూ మంచి ప్యాకింగ్‌తోనే వస్తే, మనిషికి నచ్చింది ఏదో తేల్చలేం.

సర్వేలో పాల్గొన్న ఒక గృహిణి ఆ కార్డులను ఇష్టం కొద్దీ వరుసలో పెడుతుంది. ఆవిడ పని అంతే. ఏ అంశానికి ఎన్ని మార్కులిచ్చి కూడితే ఆ వరుస వస్తుందో కంప్యూటర్ వెనక్కి లెక్కగడుతుంది. ఆ ఉదాహరణలో ఒకరి మార్కులివి: 1.19 డాలర్లకు 1.0, 1.39కి 0.7, 1.59కి 0.1. గ్యారంటీ ఉంటే 0.7, లేకపోతే 0.2. అంటే గ్యారంటీ వల్ల 0.5 కలిసొస్తుంది. ధర 1.19 నుంచి 1.39కి పెంచితే పోయేది 0.3 మాత్రమే. గ్యారంటీ ఇచ్చి ఆ ఇరవై సెంట్లు పెంచినా ఆవిడ కొంటుందనే అనుకోవచ్చు. అక్కణ్ణుంచి 1.59కి పెంచితే పోయేది 0.6, గ్యారంటీ ఇచ్చినా ఆ లోటు పూడదు. పెంపు రెండుసార్లూ ఇరవై సెంట్లే, బరువు మాత్రం వేరు. “ధర ఎంత ముఖ్యం?” అన్న సర్వే ప్రశ్నకు ఈ తేడా దొరకదు.

నాణ్యతా ముద్రకు వచ్చింది 0.1 తేడా మాత్రమే.

ఇలా అంశాల ప్రాధాన్యం పోల్చేటప్పుడే చాలామంది పొరబడతారు. ధర ప్రాధాన్యం అంటే చూపించిన కనిష్ఠ, గరిష్ఠ ధరల మార్కుల మధ్య తేడా. కార్డుల్లో 1.19, 1.39 మాత్రమే పెట్టి ఉంటే ఆ తేడా 0.9 కాదు, 0.3. అప్పుడు గ్యారంటీయే ధర కన్నా ముఖ్యమని నివేదికలో రాసుకుంటాం. అందుకే ప్రాధాన్యాల పట్టిక ఎవరిచ్చినా, ఏ ధర నుంచి ఏ ధర వరకు చూపించారో మొదట అడగండి. తర్వాత, లెక్కలోకి తీసుకోని రెండు మూడు కార్డులను అదే మనుషులకు చూపించి, మార్కులు ముందే చెప్పిన వరుస నిజంగా వచ్చిందో లేదో అడగండి. రాకపోతే ఆ మార్కుల మీద ధర నిర్ణయించకండి.